డేటా అనలిస్ట్ పోస్టుకు నా రెజ్యూమె

నమస్తే మేడమ్,

విజయవాడ ఆఫీసుకు డేటా అనలిస్ట్ కావాలని మీరు పెట్టిన పోస్టు నిన్న రాత్రి చూశాను. రెజ్యూమె జత చేశాను. అందులో డేటా అనలిస్ట్ అనే హోదా కోసం వెతకొద్దు, దొరకదు. బీకాం అయ్యాక 2021 నుంచి గుంటూరులో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో అకౌంటెంట్‌గా చేస్తున్నాను. కానీ సగం రోజు గడిచేది డేటాతోనే.

ఒక్క సంగతి చెప్తాను. 2024 జూన్‌లో, ఏ లాట్ ఎన్ని రోజులుగా నిల్వ ఉందో రిపోర్టు తీస్తే, కొన్ని టిక్కీలు అక్టోబర్ 4న వచ్చినట్టు చూపించింది. ఇంకా రాని అక్టోబర్! గేటు రిజిస్టర్ తిరగేస్తే ఆ లాట్ వచ్చింది ఏప్రిల్ 10న. కొత్తగా పెట్టిన కంప్యూటర్‌లో తేదీల సెట్టింగ్ అమెరికా పద్ధతిలో ఉంది. దాంతో 10/04/2024ను అక్టోబర్‌గా చదివేసింది. 12వ తేదీ దాటినవేమో అసలు తేదీలుగానే గుర్తించలేదు, ఉత్త టెక్స్ట్‌గా వదిలేసింది. తప్పని తెలిసిపోయేవి నయం. 03/04 మార్చి 4గా మారితే ఎవరికీ అనుమానం రాదు, అవే నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టాయి. గుమస్తా ఇచ్చిన ఫైలును మళ్లీ మొదటి నుంచి పవర్ క్వెరీలోకి తెచ్చి, Using Locale ద్వారా తేదీలను ఇండియా పద్ధతిలో చదివించాను. తర్వాత ఒక్కో రోజు మొత్తాన్ని గేటు రిజిస్టర్‌తో సరిచూశాను. రెండు రోజులు పట్టింది.

అప్పటి నుంచి రకాల పేర్లకు కూడా ఒక పట్టిక పెట్టుకున్నాను. ఒకే తేజను ముగ్గురు మూడు రకాలుగా టైప్ చేస్తే మూడు రకాల మిర్చి అయిపోతుంది కదా! ఇప్పుడు మా ఓనర్ గారు రోజూ ఉదయం యార్డుకు వెళ్లే ముందు, తేజ ఎంత, 334 ఎంత అని నేను చేసిన పవర్ బీఐ డాష్‌బోర్డు ఫోన్‌లో చూసుకుంటారు.

ఎక్సెల్, పవర్ బీఐ రోజూ వాడేవే. ఎస్‌క్యూఎల్‌లో జాయిన్‌లు, గ్రూప్ బై, విండో ఫంక్షన్లు ఎవరినీ అడగకుండా రాస్తాను. పైథాన్ మాత్రం ఇంకా నేర్చుకుంటున్నాను. పాండాస్‌తో ఫైళ్లు కలపడం, శుభ్రం చేయడం వరకు వచ్చు. మీ పోస్టులో పైథాన్ ఉంటే మంచిదన్నారు గానీ తప్పనిసరి అనలేదు, ఆ ధైర్యంతోనే రాస్తున్నాను.

నోటీసు ఒక నెల. గుంటూరు నుంచి రోజూ రైల్లో వచ్చిపోగలను, ఇల్లు మారాల్సిన పని లేదు. రైతుల పేర్లు తీసేసిన డాష్‌బోర్డు నమూనా ఒకటి ఉంది, చూపించడానికి ఓనర్ గారి అనుమతి కూడా తీసుకున్నాను. సాయంత్రం ఆరు తర్వాత ఎప్పుడు పిలిచినా పదిహేను నిమిషాల్లో చూపిస్తాను. హోదాతోనే రెండేళ్ల అనుభవం కావాలంటే ఆ మాటే ఒక లైనులో చెప్పండి మేడమ్, ఏమీ అనుకోను.

శ్రావణి
గుంటూరు

జత: Sravani_Resume.pdf