రూమ్ 214 మగ్ కేక్ (గుడ్డు లేకుండా, ఒకరికి)

మొత్తం పని 10 నిమిషాలు, మైక్రోవేవ్‌లో ఉండేది ఒక నిమిషం పైన కొంచెం. గేటు తొమ్మిదికే మూసేసే బాలాజీ కాలనీ హాస్టల్లో రాత్రి పన్నెండుకి పుట్టినరోజు కేక్ కావాలంటే ఇదే దారి. మన రూమ్‌లోనే ఆరుసార్లు చేసి, సరిగ్గా వచ్చిన కొలతలనే ఇక్కడ రాశాను.

కొలత: హాస్టల్ స్పూన్లు ఒక్కోటి ఒక్కో సైజు, వాటిని నమ్మొద్దు. దగ్గు మందు సీసాతో వచ్చే ప్లాస్టిక్ మూతను బాగా కడిగి షెల్ఫ్‌లో పెట్టాను, దాని మీద 5, 10, 15 ఎం.ఎల్. గీతలుంటాయి. కింద "మూత" అంటే 15 గీత దాకా, తలకొట్టి.

కావలసినవి
- మైదా: 4 మూతలు
- తీపి లేని కోకో పొడి: 2 మూతలు
- పంచదార: 3 మూతలు
- బేకింగ్ పౌడర్: 5 గీతలో పావు వంతు. వంట సోడా వేరు, అది వేస్తే చేదొస్తుంది
- ఉప్పు: చిటికెడు
- కాచి చల్లార్చిన పాలు: 5 మూతలు
- సన్‌ఫ్లవర్ నూనె: 2 మూతలు. ఇంటి నుంచి తెచ్చిన గానుగ చెనక్కాయల నూనె వాసన కోకోని మింగేస్తుంది, వద్దు
- వేయించి పొట్టు తీసిన చెనక్కాయలు: ఒక గుప్పెడు, పైన వేయడానికి

కోకో బదులు పాలల్లో కలుపుకునే చాక్లెట్ పొడి ఉంటే అందులోనే తీపి ఉంటుంది కాబట్టి పంచదార ఒక మూత చాలు.

మగ్: 300 ఎం.ఎల్. పైన పట్టే పింగాణీది. బంగారు గీత ఉన్నది వద్దు, స్టీలు గ్లాసు అసలే వద్దు, నిప్పురవ్వలు వస్తాయి. పిండి సగం దాకానే ఉండాలి, కేక్ పైకి పొంగుతుంది.

చేసే విధానం

ముందు పొడులన్నీ మగ్‌లోనే వేసి ఫోర్కుతో బాగా కలపండి, ముఖ్యంగా కోకో ఉండలు ఇప్పుడే చితకాలి, పాలు పోశాక అవి కరగవు. తర్వాత పాలు, నూనె పోసి మగ్ అడుగు మూలల్లో పొడి మైదా మిగలకుండా గీకుతూ కలపండి. దోసె పిండిలా జారాలి. పొడి కనబడకపోతే అక్కడితో ఆపేయండి, ఇంకా తిప్పితే మైదా సాగి కేక్ గట్టిపడుతుంది. పైన చెనక్కాయలు చల్లండి.

ఇక టైమ్. కేక్ బాగా రావడమైనా చెడిపోవడమైనా ఇక్కడే. మైక్రోవేవ్ వెనక స్టిక్కర్ మీద రెండు వాట్ల అంకెలుంటాయి, ఇన్‌పుట్ ఎక్కువ, అవుట్‌పుట్ తక్కువ, మనం చూడాల్సింది అవుట్‌పుట్. మన రూమ్‌ది 800, ఫుల్ పవర్‌లో 70 సెకన్లు. 700 అయితే 80, 900 అయితే 60. మొదటిసారి నేను 2 నిమిషాలు పెట్టాను, తీసినప్పుడు మెత్తగానే ఉంది, చల్లారేసరికి స్పూను దిగలేదు. పాలమనేరు నుంచి ఆ రోజే వచ్చిన మా రూమ్మేట్ పుట్టినరోజు అది, ఒక్క ముక్క కూడా తినలేకపోయింది, నాకు చాలా బాధేసింది.

అందుకే 70 సెకన్లు అయ్యాక తలుపు తీసి పైభాగం చూడండి. అంచులు మగ్ నుంచి కొంచెం విడిపోయి, నడుమ రూపాయి బిళ్లంత చోట మాత్రం తడిగా మెరుస్తూ ఉంటే తీసేయండి. పచ్చిగా ఉందనిపిస్తుంది, కానీ బయటికి తీశాక కూడా లోపలి వేడికి ఉడుకుతూనే ఉంటుంది, 2 నిమిషాలు వదిలేస్తే ఆ తడి పోతుంది. పిండి ఇంకా కదులుతుంటే మాత్రం పది పది సెకన్లుగా పెంచండి, ఒకేసారి అరనిమిషం పెట్టొద్దు. మగ్ చేతికి చాలా వేడిగా తగులుతుంది, తువ్వాలుతో పట్టుకోండి.

ఇద్దరికి కావాలంటే రెండు మగ్గులు ఒకదాని తర్వాత ఒకటి పెట్టండి, రెండూ కలిపి పెడితే టైమ్ మారిపోయి ఏదీ సరిగా ఉడకదు.

బెల్లంతో: చిత్తూరు వైపు నుంచి ఎవరైనా బెల్లం తెస్తే పంచదార బదులు 3 మూతల పొడి వేయండి, చాలా బాగుంటుంది. చల్లటి పాలల్లోనే కరిగించి వడగట్టాలి, వేడి పాలల్లో వేస్తే విరిగిపోతాయి. కేక్ రంగు ముదురుగా, కొంచెం తడిగా వస్తుంది, ఇంకో 5 సెకన్లు పడుతుంది.

మైక్రోవేవ్ గోడ సాకెట్‌కే పెట్టండి, కెటిల్‌తో కలిపి ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెట్టొద్దు, మొన్న ఫ్లోర్ మొత్తం కరెంట్ పోయింది. కేక్ వేడిగానే తినేయండి, పొద్దుటికి ఎండిపోతుంది. తినగానే మగ్‌లో నీళ్లు పోసి ఉంచండి, ఎండిన కోకో గీకినా రాదు. మూత కడిగి మళ్లీ షెల్ఫ్‌లోనే పెట్టండి.