304 ఫ్లాట్: డిమాండ్ లెటర్‌లోని వడ్డీపై అభ్యంతరం, ఆలస్యానికి పరిహారం కోరుతూ లేఖ

నెల్లూరు,
10-11-2025.

మేనేజింగ్ పార్ట్‌నర్ గారికి,

నమస్కారం.

3-11-2025 తేదీతో మీ ఆఫీసు పంపిన డిమాండ్ లెటర్ అందింది. ఆఖరి వాయిదా 5,20,000 రూపాయలు, ఆలస్యపు వడ్డీ 78,086 రూపాయలు, మొత్తం 5,98,086 రూపాయలు ఏడు రోజుల్లో కట్టకపోతే మినీ బైపాస్ రోడ్డు ప్రాజెక్టులోని నా 304 ఫ్లాట్ కేటాయింపు రద్దు చేస్తామని రాశారు. ఆ వడ్డీని నేను ఒప్పుకోవడం లేదు. లెక్క సరిగా చూస్తే మీరే నాకు బాకీ ఉన్నారు.

ముందు వడ్డీ సంగతి. ఇందులో 75,778 రూపాయలు నాలుగో శ్లాబ్ వాయిదా 7,80,000 మీద వేసింది. 1-3-2023 నుంచి 14-9-2023 వరకు 197 రోజులు, 18 శాతం చొప్పున లెక్క కట్టారు. 14-6-2021న రిజిస్టర్ చేసుకున్న అగ్రిమెంట్ ప్రకారం శ్లాబ్ పూర్తయ్యాక మీరు లెటర్ ఇవ్వాలి, ఆ తర్వాత 15 రోజుల్లో నేను కట్టాలి. 1-3-2023 అనేది షెడ్యూల్లో మీరు అంచనాగా వేసుకున్న తేదీ మాత్రమే. శ్లాబ్ వేసింది 26-8-2023న. ఆ ఉదయం మీ సైట్ ఇంజనీరు గారే మా వాట్సాప్ గ్రూపులో "ఈ రోజు నాలుగో శ్లాబ్" అని ఫొటో పెట్టారు. మీ లెటర్ 2-9-2023న వచ్చింది, బ్యాంకు 14-9-2023న డబ్బు వేసింది. అంటే 12 రోజుల్లోనే కట్టాను. వేయని శ్లాబ్‌కి ఆరు నెలల వడ్డీ ఏ లెక్కన అడుగుతున్నారు?

మిగిలిన 2,308 రూపాయలు ప్లాస్టరింగ్ వాయిదా 5,20,000 మీద తొమ్మిది రోజులకు వేశారు. అది నా వల్లే ఆలస్యమైంది, 20-2-2024 నాటికి కట్టాల్సింది 29న కట్టాను. దానికి వడ్డీ ఇస్తాను, కానీ 18 శాతం కాదు. 2016 రెరా చట్టం సెక్షన్ 2లోనే ఉంది: ఆలస్యమైతే కొనుగోలుదారు నుంచి ఎంత రేటు తీసుకుంటారో, బిల్డర్ ఆలస్యం చేస్తే అంతే రేటు ఇవ్వాలి. మన అగ్రిమెంట్‌లో మాత్రం నాకు 18 శాతం, మీకు నెలకు చదరపు అడుగుకు 5 రూపాయలు. 1,300 అడుగులకు అది 6,500. ఇలా ఒకవైపే మొగ్గిన షరతు చెల్లదు. ప్రస్తుతానికి ఇద్దరికీ 10 శాతం వేసి లెక్క కట్టాను, రెరా ఖరారు చేసే రేటు ఎంతైనా అది ఇద్దరికీ వర్తిస్తుంది. ఆ ప్రకారం నా తొమ్మిది రోజులకు 1,282 రూపాయలు.

ఇక ఇల్లు. 31-12-2023కి ఇస్తామన్నారు. ఆరు నెలల గ్రేస్ కలిపినా 30-6-2024తో గడువు అయిపోయింది. మీ మాట నమ్మి ఆ ఏడాది శ్రావణంలో గృహప్రవేశానికి ముహూర్తం పెట్టించుకున్నాం, బంధువులకు చెప్పుకున్నాం, తర్వాత అందరికీ ఫోన్లు చేసి వద్దన్నాం. వానలు, ఇసుక కొరత అని మీ ఆఫీసులో చెబుతున్నారు. 2023 డిసెంబరు తుపానుకు కొన్ని రోజులు పని ఆగిందంటే కాదనను. దానికి ఆరు నెలల గ్రేస్ సరిపోదా? ఆ తర్వాత పదహారు నెలలు దేనికి?

నిన్న ఆదివారం వెళ్లి చూశాను. లిఫ్ట్ గుంత మీద ప్లైవుడ్ ముక్క అడ్డం పెట్టి ఉంది, లోపల నీళ్లు నిలిచాయి. నా ఫ్లాట్‌లో వంటింటి కుళాయి తిప్పితే గాలే వస్తోంది. బాల్కనీకి రెయిలింగ్ లేదు, దాని బదులు రెండు వెదురు బొంగులు తాడుతో కట్టారు. మా అమ్మకు 71 ఏళ్లు, మోకాళ్ల నొప్పి. ఆమెను మూడో అంతస్తుకు ఎలా ఎక్కించమంటారు? ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ అడిగితే "వస్తుంది సార్" అన్నారు. అది రాకుండా స్వాధీనం ఇచ్చినట్టు కాదు, ఆఖరి వాయిదా అడగడానికీ సమయం రాలేదు.

నేను ఫ్లాట్ వదులుకోవడం లేదు. కాబట్టి సెక్షన్ 18 ప్రకారం ఇల్లు అప్పగించేదాకా ప్రతి నెలా నాకు వడ్డీ రావాలి. 30-6-2024 నాటికి నేను కట్టింది 46,80,000. దాని మీద నెలకు 39,000. అక్టోబరు ఆఖరుకు పదహారు నెలలకు 6,24,000. ఇందులోంచి ఆఖరి వాయిదా, నా 1,282 తీసేస్తే మీరు నాకు 1,02,718 రూపాయలు ఇవ్వాలి. నవంబరు నుంచి నెలకు 39,000 దీనికి కలుస్తుంది. వేదాయపాళెంలో నెలనెలా కడుతున్న 14,000 అద్దె ఈ లెక్కలో వేయలేదు. విషయం ఫిర్యాదు దాకా వెళితే అదీ అడుగుతాను.

ఈ లేఖ అందిన 15 రోజుల్లో వడ్డీ డిమాండ్‌నూ, రద్దు చేస్తామన్న హెచ్చరికనూ వెనక్కి తీసుకుంటున్నట్టు రాతపూర్వకంగా తెలపండి. పైన చెప్పిన సర్దుబాటుకు ఒప్పుకుంటూ, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, లిఫ్ట్, నీళ్లు ఏ తేదీకి ఇస్తారో అందులో రాయండి. ఫోన్లో మాట వద్దు, రెండేళ్లుగా వింటూనే ఉన్నాను. జవాబు రాకపోతే ఆంధ్రప్రదేశ్ రెరాలో ఫిర్యాదు వేస్తాను.

అగ్రిమెంట్, మీ 2-9-2023 లెటర్, బ్యాంకు స్టేట్‌మెంట్, వాట్సాప్ ఫొటో, నిన్న తీసిన ఫొటోల కాపీలు జతచేశాను. స్పీడ్ పోస్టులో రిజిస్ట్రేషన్‌తో పంపుతున్నాను, ఈమెయిల్ కూడా చేశాను.

ఇట్లు,
304 ఫ్లాట్ కొనుగోలుదారు