హజ్ అంటే కాబా చుట్టూ తిరగడమేనా?

(తెర మీద: హజ్, మొదటి నుంచి చివరి దాకా)

అందరికీ నమస్కారం, అస్సలాము అలైకుం. మాది గుంటూరు, ఆనందపేట. మా అమ్మీ, అబ్బా హజ్‌కి వెళ్లొచ్చాక ఖర్జూరాలు పంచుతుంటే పక్కింటి సుజాతత్త అడిగింది: "ఆ నల్లరాయి చుట్టూ తిరిగొచ్చేస్తారా అమ్మా, ఇంకేమైనా ఉంటుందా?" చాలామందికి ఉండే సందేహమే ఇది. టీవీలో చూపించేది ఆ ఒక్క దృశ్యమే కదా. నిజానికి హజ్‌కి గుండెకాయ లాంటి చోటు కాబా కాదు. అదేంటో వరసలో వచ్చినప్పుడు చెప్తాను.

ఆరోగ్యం, స్తోమత ఉన్న ముస్లిం జీవితంలో ఒక్కసారైనా హజ్ చేయాలి. అప్పు చేసి వెళ్లాల్సిన పని లేదు. మాకు చాంద్రమాన లెక్క. ఏడాదిలో ఆఖరిదైన 12వ నెల, జుల్‌హజ్‌లో 8వ తేదీ నుంచి 12 లేదా 13 దాకా హజ్ జరుగుతుంది. ఇంగ్లీషు క్యాలెండర్‌లో ఏటా 10, 11 రోజులు ముందుకి జరుగుతూ ఉంటుంది కాబట్టి ఒకప్పుడు ఎండాకాలంలో, ఒకప్పుడు చలికాలంలో వస్తుంది.

హజ్ మా ఇంట్లో విమానం ఎక్కకముందే మొదలైంది. అబ్బా కిరాణా కొట్టు ఖాతా అణా పైసలతో సహా తీర్చేశారు. తర్వాత ఇల్లిల్లూ తిరిగి, "తెలిసో తెలియకో నా వల్ల మనసు కష్టపడి ఉంటే మాఫ్ చేయండి" అని అడిగారు. పదేళ్లుగా మాటల్లేని మా చిన్నాన్న ఇంటికి కూడా వెళ్లారు. తలుపు తీయడానికి చిన్నాన్నకి చాలాసేపు పట్టింది. తీశాక ఇద్దరూ ఏమీ మాట్లాడుకోలేదు, పట్టుకుని ఏడ్చారు.

ఇక ఇహ్రామ్, అంటే యాత్ర కోసం పట్టే దీక్ష. మక్కాకి నాలుగు వైపులా హద్దులుంటాయి. హజ్‌కి, ఏడాదిలో ఎప్పుడైనా చేసే చిన్న యాత్ర ఉమ్రాకి వెళ్లేవాళ్లు అవి దాటేలోపే ఇహ్రామ్‌లోకి రావాలి. మనవాళ్లకి ఆ హద్దు ఆకాశంలోనే వచ్చేస్తుంది కాబట్టి అబ్బా హైదరాబాద్‌లో విమానం ఎక్కేముందే బట్టలు మార్చుకున్నారు. మగవాళ్లకి కుట్టు లేని రెండు తెల్లటి గుడ్డలు, అంతే. ఒకటి నడుముకి, ఒకటి భుజాల మీదికి. జారిపోతుందేమోనని అబ్బా వారం రోజులు ఇంట్లోనే కట్టుకుని ప్రాక్టీస్ చేశారు. ఆడవాళ్లు మామూలు నిండు బట్టలే వేసుకుంటారు, ముఖానికి మాత్రం నఖాబ్ కట్టకూడదు. ఇహ్రామ్‌లో ఉన్నంతసేపూ అత్తరు పూసుకోకూడదు, గోళ్లు, వెంట్రుకలు తీయకూడదు, వేటాడకూడదు, గొడవ పడకూడదు, దాంపత్యం ఉండకూడదు. భవానీ మాల వేసుకున్నవాళ్ల నియమాలు చూసిన బెజవాడవాళ్లకి ఇలాంటి నిష్ఠ గురించి వేరే చెప్పక్కర్లేదు. ఇక నోట్లో ఎప్పుడూ ఒకటే మాట, "లబ్బైక్ అల్లాహుమ్మ లబ్బైక్". వచ్చాను దేవా, నీ పిలుపుకి వచ్చాను అని అర్థం.

(తెర మీద: తవాఫ్, ఏడు చుట్లు)

కాబా ఒక పెద్ద రాతి కట్టడం. దాని మీద కప్పిన నల్లటి వస్త్రం వల్లే మనకి అలా కనిపిస్తుంది. సుజాతత్త అన్న నల్లరాయి దాని ఒక మూల వెండి చట్రంలో ఉంటుంది. అక్కడ మొదలుపెట్టి ఏడు చుట్లు తిరుగుతారు. గుడిలో ప్రదక్షిణ చేస్తే గర్భగుడి మన కుడివైపు ఉంటుంది కదా, ఇక్కడ కాబా ఎడమవైపు ఉంటుంది. ఒక్క విషయం గట్టిగా చెప్పాలి: మేము కాబాని గానీ ఆ రాయిని గానీ పూజించం. ముహమ్మద్ ప్రవక్త తర్వాత రెండో ఖలీఫా అయిన ఉమర్ ఆ రాయిని ముద్దుపెట్టుకుంటూ, నువ్వు రాయివే, మేలూ చేయలేవు, కీడూ చేయలేవు, ప్రవక్త ముద్దుపెట్టుకోగా చూశాను కాబట్టి పెడుతున్నాను అన్నారు.

తర్వాత సయీ. సఫా, మర్వా అనే రెండు చిన్న గుట్టల మధ్య ఏడుసార్లు నడవాలి. ఇబ్రహీం ప్రవక్త భార్య హాజిరా, పసివాడైన ఇస్మాయిల్‌కి నీళ్లు దొరక్క ఈ గుట్టల మధ్య పరుగులు పెట్టింది. చివరికి బిడ్డ దగ్గరే జమ్‌జమ్ నీళ్లు పుట్టాయి. బిడ్డ దాహం తీర్చడానికి ఒక తల్లి పడ్డ తపనని లక్షల మంది మగవాళ్లు, ఆడవాళ్లు అడుగులో అడుగేసి గుర్తు చేసుకుంటారు. నాకు హజ్‌లో చాలా ఇష్టమైన భాగం ఇదే. ఇక్కడికి ఉమ్రా అయిపోతుంది. మనవాళ్లలో చాలామంది జుట్టు తీయించుకుని ఇహ్రామ్ విప్పేసి, అసలు హజ్ కోసం 8న మళ్లీ కట్టుకుంటారు.

8వ తేదీ మినా. కనుచూపు మేర తెల్లటి గుడారాలే. ఆ రోజంతా అక్కడే నమాజులు.

(తెర మీద: 9వ తేదీ, అరఫాత్)

ఇదీ నేను చెప్తానన్న చోటు. "హజ్ అంటే అరఫా" అని ప్రవక్త మాట. మక్కా నుంచి 20 కిలోమీటర్ల దూరంలో ఒక మైదానం. అక్కడ చుట్టూ తిరగడానికి ఏమీ లేదు. మధ్యాహ్నం నుంచి పొద్దుగూకేదాకా దేవుడి ముందు నిలబడి చేతులెత్తి అడుక్కోవడమే. మిగతావాటిలో కొన్ని తప్పితే పరిహారం ఉంది. అరఫాత్ తప్పితే మాత్రం ఆ ఏడు హజ్ లేనట్టే. క్రీ.శ. 632లో ప్రవక్త తన చివరి ప్రసంగం ఇక్కడే చేశారు.

2024లో 18 లక్షల మందికి పైగా హజ్ చేశారు. ఎండ 50 డిగ్రీలు దాటి, 1,300 మందికి పైగా చనిపోయిందీ ఆ ఏడాదే. అందుకే అమ్మీ వాళ్లు అరఫాత్‌లో ఉన్న రోజు మాకు ఇంట్లో ఒకటే టెన్షన్. సాయంత్రం అమ్మీ ఫోన్ చేస్తే గొంతు బొంగురుపోయి ఉంది. వెళ్లేముందు ఒక చీటీ రాసుకుంది. దువాలో ఎవరి పేరూ మర్చిపోకూడదని. ఎండలో గొడుగు కింద నిలబడి ఆ చీటీ మొత్తం చదివిందట. అందులో చిన్నాన్న పేరుంది, మా వీధి చివర ఇస్త్రీ బండి అబ్బాయి పేరుంది, సుజాతత్త మోకాళ్ల నొప్పి కూడా ఉంది.

పొద్దుగూకాక అరఫాత్, మినాల మధ్య ఉన్న ముజ్దలిఫాకి. మగ్రిబ్, ఇషా నమాజులు కలిపి చదివి, ఆరుబయట నేల మీద చాప వేసుకుని పడుకోవడం. ఆఫీసరైనా, ఆటో నడిపేవాళ్లైనా అదే నేల. అబ్బా ఫోన్ టార్చ్ వెలుగులో శనగగింజంత రాళ్లు 49 ఏరి చిన్న సంచిలో వేసుకున్నారు.

ఆ రాళ్లెందుకంటే, దేవుడి ఆజ్ఞ తప్పమని సైతాన్ ఇబ్రహీం ప్రవక్తని రెచ్చగొడితే ఆయన రాళ్లతో తరిమాడు. దానికి గుర్తుగా మినాలో జమరాత్ అనే మూడు గోడల్లాంటి కట్టడాలు ఉన్నాయి. అక్కడ సైతాన్ కూర్చుని ఉంటాడని కాదు, మన లోపలి దుర్బుద్ధి మీద విసరడం అది. 10వ తేదీన పెద్దదాని మీద ఏడు రాళ్లు, 11, 12 తేదీల్లో మూడింటి మీదా రోజుకి 21.

10న రాళ్ల తర్వాత ఖుర్బానీ. కొడుకునే అర్పించడానికి సిద్ధపడ్డ ఇబ్రహీం ముందుకి దేవుడు గొర్రెపోతుని పంపిన సంగతికి గుర్తు. మన ఊళ్లో బక్రీద్ జరుపుకునేది దీనికే. అక్కడ చాలామంది కూపన్ కొంటారు, మాంసం పేదలకి వెళ్తుంది. ఆపైన మగవాళ్లు గుండు గీయించుకుంటారు లేదా జుట్టు కత్తిరించుకుంటారు, ఆడవాళ్లు కొసలు వేలి కణుపంత కత్తిరించుకుంటారు. మళ్లీ కాబాకి వచ్చి హజ్ తవాఫ్, సయీ. ఊరు వదిలే ముందు వీడ్కోలు తవాఫ్ ఒకటి.

అబ్బా తిరిగొచ్చిన రోజు జమ్‌జమ్ క్యాన్ విప్పి చిన్న స్టీలు గ్లాసుల్లో పోశారు. మొదటి గ్లాసు చిన్నాన్నకి ఇచ్చారు. రెండోది పట్టుకుని అమ్మీ పక్కింటి గుమ్మం ఎక్కింది: "సుజాతా, నీ మోకాళ్ల సంగతి అక్కడ చెప్పొచ్చాను, ఈ నీళ్లు తాగు."