బాకీ ఉన్న ఇన్వాయిస్‌ల గురించి రవి గారికి రాసిన ఈమెయిల్స్

జూన్ 16
సబ్జెక్ట్: కేటలాగ్ డిజైన్, ఇన్వాయిస్ 041, గడువు జూన్ 18

రవి గారూ, నమస్తే.

కేటలాగ్ ప్రింట్‌కి వెళ్లిందని మీ టీమ్ చెప్పారు, చాలా సంతోషంగా ఉంది. కవర్ మీద ఆ ముదురు నీలం రంగు స్క్రీన్ మీద కనిపించినట్టే కాగితం మీద కూడా వస్తుందా అని చివరిదాకా కాస్త టెన్షన్ పడ్డాను. ఒక కాపీ చూడాలని ఉంది.

దానికి సంబంధించిన ఇన్వాయిస్ 041 (మొత్తం 42,000/-) గడువు ఎల్లుండి, అంటే జూన్ 18. మీరు వెతుక్కోనక్కర్లేకుండా కాపీ మళ్లీ జత చేస్తున్నాను. పేమెంట్ ఇప్పటికే ప్రాసెస్‌లో ఉంటే ఈ మెయిల్‌కి జవాబు అవసరం లేదు.

మాధవి

జూన్ 21
సబ్జెక్ట్: ఇన్వాయిస్ 041, చిన్న రిమైండర్

రవి గారూ, నమస్తే.

ఇన్వాయిస్ 041 గడువు మొన్న 18తో అయిపోయింది. ఈ ఉదయం వరకు నా అకౌంట్‌లో డబ్బు పడలేదు. ప్రింటింగ్ హడావిడిలో ఇలాంటివి పక్కకు వెళ్లిపోవడం మామూలే, అందుకే ఒకసారి గుర్తు చేద్దామని రాస్తున్నాను.

ఒకవేళ మీరు ఇప్పటికే పంపి ఉంటే ట్రాన్సాక్షన్ నంబర్ ఒక్కటి పెట్టండి, బ్యాంకులో నేనే కనుక్కుంటాను. ఇంకా పంపకపోతే ఏ రోజుకి అవుతుందో ఒక మాట రాస్తే చాలు.

మాధవి

జూన్ 30
సబ్జెక్ట్: ఇన్వాయిస్ 041, 044: ఎక్కడ ఆగాయో తెలుసుకోవాలని
కాపీ: అకౌంట్స్ విభాగం

రవి గారూ, నమస్తే. అకౌంట్స్ వారికి కూడా నమస్కారం.

ఇప్పుడు రెండు బిల్లులు బాకీ ఉన్నాయి. 041 కేటలాగ్‌కి, 42,000/-, గడువు దాటి 12 రోజులైంది. 044 ప్యాకెట్ లేబుల్స్‌కి, 9,500/-, దాని గడువు 27వ తేదీ. రెండూ కలిపి 51,500/-. రెండు ఇన్వాయిస్‌లు, మీరు ఫైనల్ ప్రూఫ్ ఓకే చేసిన మెయిల్ కూడా జత చేశాను.

పోయిన రెండు మెయిల్స్‌కి జవాబు రాలేదు. పని విషయంలో మీరెప్పుడూ వెంటనే స్పందిస్తారు కాబట్టి, ఇది మీ దగ్గర కాకుండా మధ్యలో ఎక్కడో ఆగి ఉంటుందని అనుకుంటున్నాను. అందుకే అకౌంట్స్ వారిని నేరుగా అడుగుతున్నాను. ఇన్వాయిస్ మీద పర్చేజ్ ఆర్డర్ నంబర్ ఉండాలా? వెండర్ ఫారం ఏదైనా నింపాలా? బిల్లు ఇంకో పేరు మీద కావాలా? లేక 041లో ఏ లైన్ గురించైనా సందేహం ఉందా? వీటిలో ఏదైనా సరే, చెప్పిన రోజే సరిచేసి పంపుతాను. బిల్లు మీద అభ్యంతరం ఉన్నా మొహమాటపడకుండా రాయండి. మాట్లాడుకుంటే తేలిపోయే విషయానికి రోజులు గడవడం నాకూ మీకూ మంచిది కాదు.

బిల్లులు ఏ రోజుల్లో పాస్ చేస్తారో కూడా చెప్పండి. నెలకు రెండుసార్లే పేమెంట్లు వదులుతారంటే, ఇకముందు నా ఇన్వాయిస్‌లు ఆ తేదీలకు ముందే మీకు చేరేలా చూసుకుంటాను.

మరొక మాట. నా బ్యాంక్ వివరాలు మారలేదు, ఇన్వాయిస్ మీద ఉన్నవే. అకౌంట్ మారిందంటూ నా పేరుతో ఏదైనా మెయిల్ వస్తే, డబ్బు పంపేముందు మీ దగ్గర ఉన్న నా పాత నంబర్‌కి ఫోన్ చేసి కనుక్కోండి. ఆ మెయిల్‌లో ఇచ్చిన నంబర్‌కి మాత్రం చేయకండి.

జూలై 4లోపు ఒక తేదీ చెప్పగలరా?

మాధవి

జూలై 8
సబ్జెక్ట్: ఈరోజు ఫోన్‌లో అనుకున్నది

రవి గారూ,

ఫోన్‌లో విషయం దాచకుండా చెప్పినందుకు థాంక్స్. మీకు రావాల్సిన పెద్ద పేమెంట్ ఆగిపోవడంతో ఇక్కడ కూడా ఆలస్యం అవుతోందని అర్థమైంది. ఆ ఇబ్బంది నాకు తెలుసు. సొంతంగా పని చేసుకునేవాళ్లకు ఒకరి దగ్గర డబ్బు ఆగితే, ఆ ఆలస్యం ఇంకో నలుగురిదాకా పాకుతుంది.

మనం అనుకున్నది ఇద్దరికీ గుర్తుండేలా ఇక్కడ రాస్తున్నాను. జూలై 14న 21,000/-, జూలై 28న మిగిలిన 30,500/-. మొదటి విడత 041 కింద జమ చేసుకుంటాను. రెండో విడతతో 041, 044 రెండూ పూర్తవుతాయి. అగ్రిమెంట్‌లోని ఆలస్య రుసుము ఈ తేదీల ప్రకారం డబ్బు వస్తే అడగను.

నేను పొరపాటుగా విన్నది ఏదైనా ఉంటే సరిచేయండి. లేకపోతే "సరే" అని ఒక్క మాట జవాబివ్వండి, మీ అకౌంట్స్ వారికి కూడా ఆధారంగా ఉంటుంది.

మాధవి

జూలై 17
సబ్జెక్ట్: మొదటి విడత రాలేదు, జూలై 21లోపు జవాబు కావాలి
కాపీ: అకౌంట్స్ విభాగం

రవి గారూ,

8వ తేదీన పంపిన మెయిల్‌కి మీరు "సరే" అన్నారు. 14న రావాల్సిన 21,000/- ఈరోజు వరకు రాలేదు, ఆలస్యమవుతుందన్న కబురు కూడా లేదు. నన్ను బాధపెట్టింది డబ్బు ఆలస్యం కావడం కన్నా ఆ కబురు లేకపోవడమే. 14 సాయంత్రం ఒక చిన్న మెసేజ్ వచ్చి ఉంటే ఈ మెయిల్ రాసేదాన్ని కాదు.

అందుకని నేను ఏం చేయబోతున్నానో ముందుగానే చెబుతున్నాను. కొత్త లేబుల్స్ పని ఈరోజు నుంచి ఆపుతున్నాను. ఇప్పటివరకు చేసిన ఫైళ్లు నా దగ్గర భద్రంగా ఉంటాయి, మొదటి విడత అందిన మర్నాడే మళ్లీ మొదలుపెడతాను. ఇప్పటికే మీకిచ్చిన కేటలాగ్‌ని మాత్రం నిశ్చింతగా వాడుకోండి, దాని జోలికి రాను.

రేపటికి 041 గడువు దాటి 30 రోజులు అవుతుంది. మనం సంతకం చేసిన అగ్రిమెంట్ ప్రకారం అప్పటి నుంచి నెలకు 1.5 శాతం ఆలస్య రుసుము, అంటే ఈ బిల్లు మీద 630/-. దాన్ని ఇప్పుడే వేయడం లేదు. 21వ తేదీలోపు మొదటి విడత వస్తే 28 ఏర్పాటు అలాగే ఉంటుంది, రుసుము ఊసే ఉండదు. రాకపోతే 22న రుసుముతో కలిపి సవరించిన ఇన్వాయిస్ పంపి, మొత్తం ఒకేసారి కట్టమని రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాల్సి వస్తుంది. అంతవరకు వెళ్లకూడదనే నా కోరిక.

21,000/- ఒకేసారి కష్టమైతే ఎంత వీలవుతుందో చెప్పండి. తక్కువ మొత్తమైనా నిజంగా వచ్చే తేదీ చెబితే దాన్ని బట్టి సర్దుకుంటాను. రేపు ఉదయం 11కి ఫోన్ చేస్తాను.

మాధవి

జూలై 21
సబ్జెక్ట్: 21,000/- అందింది
కాపీ: అకౌంట్స్ విభాగం

రవి గారూ, నమస్తే.

ఈ మధ్యాహ్నం 21,000/- నా అకౌంట్‌లో పడింది. రసీదు జత చేశాను. 18న ఫోన్ ఎత్తి మాట్లాడినందుకు, అన్న మాట ప్రకారం పంపినందుకు మనస్ఫూర్తిగా థాంక్స్.

ఇక 041 మీద 21,000/-, 044 మీద 9,500/-, మొత్తం 30,500/- మిగిలాయి, తేదీ జూలై 28. ఆలస్య రుసుము లేదు. 25న ఒకసారి గుర్తు చేస్తాను, అకౌంట్స్ వారికి కూడా అది సౌకర్యంగా ఉంటుందని అన్నారు.

లేబుల్స్ పని రేపు ఉదయం మొదలుపెడుతున్నాను. మొదటి రెండు డిజైన్లు గురువారానికి పంపుతాను. వాటిలో పదార్థాల జాబితా అక్షరాలు ఇంకొంచెం పెద్దవి చేస్తున్నాను, చిన్న ప్యాకెట్ మీద చదవడానికి ఇబ్బందిగా ఉన్నాయి.

మాధవి