కరువు పని కార్డుల లెక్క: ఉపన్యాసం అయ్యాక అడిగిన ప్రశ్నలు

నిన్న అనంతపురంలో ఉపాధి హామీ స్మార్ట్‌కార్డుల మీద, అంటే వేలిముద్ర వేసి కూలి డబ్బు తీసుకునే కార్డుల మీద, ఒక ప్రొఫెసర్ మేడమ్ మాట్లాడారు. నిజం చెప్పాలంటే ఉపన్యాసం కన్నా తర్వాతి ప్రశ్నలే బాగున్నాయి, గుర్తున్నవి రాస్తున్నా.

మొదట ఎమ్మే చదివే అమ్మాయి లేచింది. "మేడమ్, 2006లో మన బండ్లపల్లిలో ఉపాధి హామీ మొదలుపెట్టినప్పుడు పేదోళ్లెవరని ఎట్లా తేల్చినారు?"

"తేల్చలేదమ్మా. అప్పట్లో ఇంటికి ఏడాదికి 100 రోజుల పని, ఎవరైనా అడగొచ్చు. ఎండలో మట్టి తవ్వడానికి డబ్బున్నోడు రాడు, అదే వడపోత. కానీ పార పట్టలేని ముసలోళ్లు కూడా ఆ వడపోతలోనే బయటికి పోతారు, వాళ్లకు పింఛను వేరేగా ఉండాల్సిందే."

ఒకప్పుడు ఫీల్డ్ అసిస్టెంట్‌గా చేసిన పెద్దాయన కొంచెం గట్టిగానే అడిగాడు. "ఒక మండలానికి కార్డులు ముందు, పక్క మండలానికి తర్వాత. ఇదేం న్యాయం?"

అందరికీ ఒకేసారి ఇవ్వడం ఎట్లాగూ కుదరదు కాబట్టి, ఎవరు ముందు అనేది పైరవీలకు వదలకుండా లాటరీ తీశారని మేడమ్ చెప్పారు. కార్డులతో కూలి డబ్బు పక్కదారి పట్టడం తగ్గిందా అని ఎనిమిది జిల్లాల్లో 157 మండలాలను పోల్చారట, వాటిలో మన అనంతపురం, కడప, కర్నూలు కూడా ఉన్నాయి.

ఆయన వదల్లేదు. "పనికి రానోళ్లకు హాజరేసి దొంగ మస్టర్ రాసినోడు మీకు చెప్తాడా మేడమ్?" హాలంతా నవ్వు.

"వాణ్ణి అడగనే అడగం. రికార్డులో డబ్బు పడినట్టు ఉన్న ఇంటికే పోయి, ఎన్ని రోజులు పోయినారు, ఎంత చేతికొచ్చింది అని అడుగుతాం. రెంటికీ మధ్య తేడానే గండి. కార్డులు ముందొచ్చిన మండలాల్లో ఆ గండి 41 శాతం తగ్గింది."

తర్వాత నేను అడిగా. రెండేళ్లకు కూడా సగం చెల్లింపులే కార్డులకు మారాయి కదా, కార్డు అందినవాళ్లనే తీసుకొని పోల్చొచ్చు కదా అని. నా ప్రశ్నలోనే తప్పుందని జవాబు విన్నాకే అర్థమైంది. కార్డులు తొందరగా అందిన ఊళ్లు ముందునుంచే బాగా నడిచే ఊళ్లు కావచ్చు, అప్పుడు ఆ మంచంతా కార్డు ఖాతాలో పడిపోతుంది. అందుకే అందినా అందకపోయినా మండలం మొత్తాన్ని లెక్కలో పెట్టారు.

చివరగా వెనక వరుసలోంచి ఒకామె లేచింది, కరువు పనికి పోయే ఆమేనట. "మాయమ్మకు వేలిముద్ర పడదు మేడమ్, పార పట్టి పట్టి వేళ్లు అరిగిపోయినాయి. అట్లాంటోళ్లకు?"

మేడమ్ కాసేపు ఆగారు. అప్పుడు కార్డు లేనివాళ్లకూ పాత పద్ధతిలో డబ్బు ఇచ్చారు, అందుకే నష్టపోయినవాళ్లు తక్కువ అన్నారు. తర్వాత జార్ఖండ్‌లో రేషన్‌కు ఆధార్ తప్పనిసరి చేస్తే నిజమైన లబ్ధిదారులే కొంతమంది బియ్యం పోగొట్టుకున్నారట.

"సగటు లెక్కలో మీ అమ్మ కనపడదు. వేలిముద్ర పడలేదని వెనక్కి పంపిన వాళ్లను విడిగా లెక్కపెట్టాలి."

"ఎవరు పెడతారు?" అందామె.

టైమైపోయిందని మైకు తీసుకున్నారు.