నాలుగు నికాయాల్లో పదాల లెక్క: టెక్స్ట్ మైనింగ్ పద్ధతి, దాని పరిమితులు

బుద్ధుని బోధనల సూత్రాలను కూర్చిన పాలి సుత్త పిటకంలోని దీఘ, మజ్ఝిమ, సంయుత్త, అంగుత్తర నికాయాలనే నాలుగు సంకలనాలను ఒకే కార్పస్‌గా తీసుకుని, వాటిలో ఏ పారిభాషిక పదాలు ఏ పదాల సరసన తరచుగా కనిపిస్తున్నాయో ఈ పత్రం పరిశీలిస్తుంది. గాథలు, కథలు, వివిధ కాలాల రచనలు కలగలిసి ఉన్నందున ఐదవదైన ఖుద్దక నికాయాన్ని చేర్చలేదు. 1954–56లో రంగూన్‌లో జరిగిన ఆరవ బౌద్ధ సంగీతి ఛట్ఠ సంగాయనలో స్థిరపరచిన పాఠానికి విపశ్యనా పరిశోధనా సంస్థ వెలువరించిన డిజిటల్ ప్రతి మాకు ఆధారం. ఇందులో పద్ధతితో పాటు, దాని ఫలితాలను ఎంతవరకు నమ్మవచ్చో కూడా వివరిస్తున్నాం. పవిత్ర గ్రంథాల విషయంలో పట్టికలోని అంకె చాలా తొందరగా సిద్ధాంతంగా చలామణీ అవుతుంది కాబట్టి, పరిమితులను పాదసూచికలకు వదిలివేయడం సమంజసం కాదని మా అభిప్రాయం.

లెక్కింపుకు ముందు విభక్తి రూపాలను మూలరూపానికి చేర్చి, సంధులను విడదీశాం. ఈ పని చేయకపోతే ఏమవుతుందో ధ్యానంలో తొలి దశ అయిన మొదటి ఝానాన్ని వర్ణించే వాక్యంలోనే కనిపిస్తుంది: "వివిచ్చేవ కామేహి వివిచ్చ అకుసలేహి ధమ్మేహి". ఇక్కడ "వివిచ్చ" రెండుసార్లు వచ్చింది, కానీ మొదటిది "ఏవ"తో కలిసిపోయినందున యంత్రానికి అవి రెండు వేర్వేరు పదాలు. సంధి విభజనను కొంత నిఘంటువు ఆధారంగానూ, సందేహం ఉన్నచోట చేతితోనూ చేశాం. చేతితో చేసిన ప్రతి నిర్ణయమూ ఒక వ్యాఖ్యానమేనని గుర్తించాలి. "భిక్ఖవే" వంటి సంబోధనలను మాత్రం అతి సాధారణ పదాలన్న పేరుతో తొలగించలేదు, ఎందుకంటే మాట ఎవరిని ఉద్దేశించినదో తెలిపేవి అవే.

అన్నిటికంటే పెద్ద చిక్కు పేయ్యాలం. పునరుక్తమయ్యే భాగాన్ని పూర్తిగా రాయకుండా "…పే…" అని సూచించి వదిలేయడం పాలి ప్రతుల్లో పాత అలవాటు. సంయుత్త నికాయంలో మార్గం గురించిన విభాగమైన మగ్గ సంయుత్తంలో గంగానది తూర్పుకు ఒరిగి ప్రవహించినట్టే అష్టాంగ మార్గాన్ని అభ్యసించే భిక్షువు నిబ్బానం వైపు ఒరుగుతాడని ఒక సూత్రం చెబుతుంది. తర్వాతి సూత్రాల్లో గంగకు బదులు యమున, అచిరవతి, సరభూ, మహీ వస్తాయి, తక్కినదంతా సంక్షేపమే. ఇదే వరుస బోజ్ఝంగ, ఇంద్రియ, బల సంయుత్తాల్లోనూ తిరిగి వస్తుంది. సంయుత్త నికాయంలో 7,762 సూత్రాలున్నాయని వ్యాఖ్యాన సంప్రదాయం చెబుతుండగా, ఆధునిక ముద్రణల్లో లెక్క దాదాపు 2,900 దగ్గరే ఆగడానికి ఈ సంక్షేపాలను లెక్కించే తీరులోని తేడా ఒక ముఖ్య కారణం. అందువల్ల మేము ప్రతి పదానికీ రెండు లెక్కలు ఇచ్చాం: ముద్రణలో ఉన్నది ఉన్నట్టుగా ఒకటి, సంక్షేపాలను విస్తరించి మరొకటి. రెండింటిలోనూ నిలిచిన ధోరణులనే ఫలితాలుగా పేర్కొన్నాం. విస్తరణ ఎక్కడ మొదలై ఎక్కడ ముగియాలన్నది కొన్నిచోట్ల పాఠమే చెప్పదు కనుక రెండో లెక్క కూడా నిర్వివాదమైనది కాదు. పైగా ఈ పునరుక్తి కంఠస్థ సంప్రదాయంలో జ్ఞాపకానికి ఆధారంగా ఉండేది. ఒక పదం ఎన్నిసార్లు వచ్చిందన్నది సూత్రాలను కంఠస్థం చేసి వల్లించే భాణకులు పాఠాన్ని నిలుపుకున్న తీరును తెలుపుతుందే తప్ప, బోధలో దాని ప్రాధాన్యాన్ని నేరుగా తెలపదు.

విషయాల గుంపులను గుర్తించడానికి, తరచుగా కలిసి కనిపించే పదాలను గుంపులుగా చేర్చే గణాంక పద్ధతి టాపిక్ మోడలింగ్‌ను వాడాం. ఈ నమూనా పదాల క్రమాన్ని పట్టించుకోదు. "నేతం మమ, నేసోహమస్మి, న మేసో అత్తా" అన్న వాక్యం, ఇది నాది కాదు, ఇది నేను కాదు, ఇది నా ఆత్మ కాదు అని చెబుతుంది. మనిషిని ఏర్పరచే రూపం, వేదన మొదలైన ఐదు స్కంధాలను గురించిన సూత్రాల్లో ఇది మళ్లీ మళ్లీ వస్తుంది. ఆత్మను నిరాకరించే ఈ వాక్యమే "అత్తా" అన్న పదం బరువును పెంచుతుంది. సంధిలో కలిసిన నిషేధాన్ని విడదీసినా అది ఏ పదానికి వర్తిస్తుందో నమూనాకు తెలియదు. కాబట్టి "అత్తా" ముందు వరుసలో ఉన్న ప్రతి గుంపులోనూ మూల వాక్యాలను తెరిచి చదివిన తర్వాతే దానికి పేరు పెట్టాం. చదవడం సాధ్యంకాని గుంపులకు పేరు పెట్టలేదు. గుంపుల సంఖ్యను మార్చి నమూనాను మళ్లీ నడిపినప్పుడు చెదిరిపోయిన గుంపులను చర్చలోకి తీసుకోలేదు.

నికాయాల మధ్య కనిపించిన తేడాలను కాలానుక్రమానికి సాక్ష్యంగా మేము చూపడం లేదు. సూత్రాల నిడివి, సంకలన పద్ధతి నికాయానికీ నికాయానికీ వేరు. అంగుత్తరం అంశాల సంఖ్యను బట్టి కూర్చినది కనుక అందులో జాబితా పదాలు ఎక్కువగా ఉండడం సహజం. ఒకే ముద్రణపై ఆధారపడినందున పాఠాంతరాలు కూడా మా లెక్కల్లోకి రాలేదు. ఈ పాఠం "వీరియ" అని రాసే పదాన్ని రోమన్ లిపి ముద్రణలు "విరియ" అని రాస్తాయి. ఇది అక్షర భేదం మాత్రమే కనుక సరిచేయడం తేలిక, కానీ వాక్యాలే తేడాగా ఉన్నచోట చేయవలసిన పోలికకు సింహళ, థాయి సంప్రదాయాల ప్రతులను కూడా ఇదే విధంగా సిద్ధం చేయవలసి ఉంటుంది.