సత్యనారాయణ గారి పదవీ విరమణ సభలో నాలుగు మాటలు

వేదిక మీదున్న పెద్దలకు, తోటి ఉద్యోగులకు, ఇందాకటి నుంచి ఆ దండతో ఇబ్బంది పడుతున్న సత్యనారాయణ గారికి నమస్కారం.

ముందే ఒక నిజం చెప్పేస్తాను. నేను ఈ ఆఫీసుకి వచ్చి మూడు వారాలే అయింది. నిన్న సాయంత్రం "రేపు మీరూ మాట్లాడాలి" అంటూ నా చేతిలో ఒక చీటీ పెట్టారు. దాని మీద ఉన్నవి రెండే ముక్కలు: సత్యనారాయణ గారు, 34 ఏళ్ల సర్వీసు. ఇంకేమైనా చెప్పండి అని అడిగితే, "మంచి మనిషండీ" అన్నారు. అది వేరే రాయక్కర్లేదనుకున్నారు కాబోలు.

ఇలాంటప్పుడు మృదుస్వభావి, నిగర్వి, అజాతశత్రువు అనేసి కూర్చోవచ్చు. కానీ ఆ చొక్కా ఎవరికి తొడిగినా సరిపోతుంది. ఆయన కొలతకి కుట్టింది కాదు. అందుకని రాత్రి ఆ అంకె ఒక్కటే పట్టుకుని కూర్చున్నాను.

34 ఏళ్లంటే 408 నెలలు. ఏడాదికి 250 పనిదినాలు వేసుకున్నా 8,500 రోజులు. అన్నిసార్లు ఆఫీసు గడప తొక్కారు. అందులో జ్వరం తగ్గీ తగ్గకుండానే వచ్చిన రోజులుంటాయి. ఇంటి దిగులు ఇంట్లోనే వదిలేసినట్టు కనిపించిన రోజులుంటాయి. తనది కాని తప్పుకి మాటపడ్డ రోజులూ ఉండే ఉంటాయి. సర్వీసు రిజిస్టర్లో అవేవీ ఎక్కవు. నాకైతే మూడు వారాల్లోనే రెండుసార్లు సెలవు పెట్టాలనిపించింది. మేనేజర్ గారు ఈ ఒక్క మాట వినలేదనుకుందాం.

ఆయన చేరింది 1991లో. ప్రపంచంలో మొట్టమొదటి వెబ్‌సైట్ జనానికి అందుబాటులోకి వచ్చింది కూడా ఆ ఏడాదే. అంటే వెబ్‌కీ ఆయనకీ సీనియారిటీ సమానం. కాకపోతే వెబ్ మారుతూ పోయింది, దాని వెనకాల పరిగెత్తాల్సి వచ్చింది ఈయన. చేత్తో రాసే పని కంప్యూటర్లోకి వచ్చింది, అక్కడి నుంచి ఫోన్లోకి వచ్చింది. ప్రతిసారీ వచ్చిన పనినే మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి, అదీ తనకంటే చిన్నవాళ్ల దగ్గర. యాభై దాటాక పాతికేళ్ల కుర్రాడిని పిలిచి, "బాబూ, ఇదెక్కడ నొక్కాలి?" అని అడగడానికి ఎంత మనసు కావాలో అడిగినవాళ్లకే తెలుస్తుంది.

నా లెక్కలు ఇక్కడితో అయిపోయాయి. చీటీలో లేని సంగతులు తెలిసినవాళ్లు ఈ గదిలో చాలామంది ఉన్నారు. ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్లు, ఆయన చేత చీవాట్లు తిన్నవాళ్లు, మీరు తల దించుకుంటే వదిలేది లేదు. ఒక్కొక్కరూ లేచి ఒక్కో సంగతి చెప్పాలి.

సార్, మీకు మంచి ఆరోగ్యం, కంటి నిండా నిద్ర, అలారం పెట్టుకోనక్కర్లేని పొద్దులు దొరకాలి. వాళ్లు చెప్పేవాటిలో ఏవి నిజమో, ఏవి కోతలో మీరే తేల్చాలి. ఇదిగో, మైకు మీ దగ్గరే పెడుతున్నాను.